అమావాస్య నాటి ఇన్సూరెన్సు

కొత్త సంవత్సరం కాలెండరు కోసం మా మామగారు డిసెంబరు ఆఖర్లో ఎరువుల కొట్టుకు వెళ్ళి కూర్చునేవారు. ఇచ్చేదాకా లేచేవారు కాదు. తిథి, రాహుకాలం, దుర్ముహూర్తం పెద్ద అక్షరాల్లో ఉన్నదే కావాలి ఆయనకు. తెచ్చి వంటింటి గుమ్మం పక్కన మేకుకు తగిలించేవారు. ఆయన అటు తిరగ్గానే నేను ఎర్ర పెన్ను పట్టుకుని దాని మీద పడేదాన్ని. ఒకే కాలెండరు, ఇద్దరు యజమానులు. గొడవ రాకుండా ఎట్లా ఉంటుంది?

దాచేపల్లిలో సిమెంటు లోడ్లు తోలే లారీ ఉన్న ఇల్లు మాది. లారీ ఉన్న ఇంట్లో చక్రాల కంటే కాగితాలే ఎక్కువ తిరుగుతాయి. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, ట్యాక్సు, బండి నడిపే మా ఆయన లైసెన్సు. ఒక్కదానికి గడువు దాటినా ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేస్తారు, లోడు ఇంకొకడు ఎత్తుకుపోతాడు. అందుకని పాత కాలెండరు పక్కన పెట్టుకుని తేదీలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేదాన్ని. గడువు రోజు చుట్టూ గుండ్రం. దానికి ముందు ఇంకో గుర్తు, అసలు పనికొచ్చేది అదే. ఇన్సూరెన్సుకు రెండు వారాల ముందు చాలు. ఫిట్‌నెస్‌కు నెల ముందు కావాలి, లైట్లూ బ్రేకులూ రంగూ అన్నీ సరిచేసి బండిని చూపించాలి కదా. కువైట్‌లో ఉన్న మా మరిది పాస్‌పోర్టుకైతే ఏకంగా ఏడాది ముందు గుర్తు పెట్టేదాన్ని. అందులో కనీసం ఆరు నెలల గడువు మిగిలి లేకపోతే విమానం ఎక్కనివ్వరు, ఆఖరి తేదీ చూసుకుని కూర్చుంటే మునిగినట్టే. ఇన్వర్టరు బ్యాటరీ వారంటీ కూడా రాసేదాన్ని. ఒకసారి బ్యాటరీ దిగిపోతే కొట్టువాడు వారంటీ అయిపోయిందని బుకాయించబోయాడు. కార్డూ బిల్లూ కౌంటరు మీద పెట్టి, తేదీ మీద వేలు పెట్టి చూపించాను. నోరు మూసుకుని మార్చి ఇచ్చాడు.

ఇదంతా మా మామగారికి కంటగింపు. "ఏందమ్మాయ్ ఇది, గోడకి మశూచికం పోసినట్టు! నీ ఎర్ర గీతల కింద ఏకాదశి ఎప్పుడో కనపడి చావట్లా" అనేవారు. "మీ ఏకాదశి తప్పితే ఒక పూట అన్నం తింటారు మామయ్యా. నా గీత తప్పితే ఇంటిల్లిపాదీ పస్తు" అనేదాన్ని. ఆయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయేవారు. మా అత్తయ్య నా వైపు గుడ్లురిమి చూసేది.

అసలు సంగతి చెప్పాలి. లారీ కొన్నది మా అమ్మ నా పేరున రాసిన ఎకరం పొలం కాగితం ఫైనాన్సువాళ్ళ దగ్గర పెట్టి. అందుకని బండి రిజిస్ట్రేషను కూడా నా పేరునే. నడిపేది మా ఆయన, పెత్తనం మామగారిది, పేరు నాది. రేపు బండి ఎవరినైనా గుద్దితే, దానికి ఇన్సూరెన్సు లేకపోతే, కోర్టు నష్టపరిహారం కట్టమనేది పేరున్న మనిషిని. అంటే నన్ను. మా అమ్మ ఆ ఎకరంలో పత్తి తీసి తీసి వేళ్ళు చీల్చుకుంది. అది పోతే నాకు ఈ లోకంలో నాదనేది ఏమీ లేదు.

ఆ ఏడు జనవరి ఆఖర్లో ఇన్సూరెన్సు గడువు. రెండు వారాల ముందు గుర్తు వచ్చిన రోజే మామగారికి చెప్పాను. "ఏజెంటుకి చెప్తాలే" అన్నారు. వారం పోయాక మళ్ళీ అడిగాను. "చెప్పాన్లే, ఎన్నిసార్లు పొడుస్తావ్" అని కసిరారు. మంగళవారం అర్ధరాత్రితో పాత పాలసీ అయిపోతుంది. సోమవారం పొద్దునకు కూడా కొత్త కాపీ రాలేదు. ఇక లాభం లేదని ఏజెంటుకు నేనే ఫోన్ చేశాను.

"పెద్దాయన శుక్రవారం చెయ్యమన్నాడు గదక్కా. మీకు తెలవదా?" అన్నాడు.

"మరి బుధవారం, గురువారం బండికి ఏముంటుంది?"

"ఏముండదక్కా. బ్రేక్ పడుద్ది. శుక్రవారం నేనొచ్చి బండికి ఫోటోలు తీసుకుని కొత్తగా చెయ్యాల. నేనూ చెప్పి చూశా, ఆయన వినలా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను చేతిలో పట్టుకునే మామగారి ముందుకు వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఎందుకు శుక్రవారం అన్నారని అడిగాను. తాపీగా లేచి, నన్ను కాలెండరు దగ్గరికి తీసుకెళ్ళి, నేను చుట్టిన గుండ్రం పక్కగడి మీద వేలు పెట్టారు.

"ఇటు చూడు. బుధవారం అమావాస్య. ఏడాది నడవాల్సిన కాగితం అమావాస్య పూట మొదలైతే ఏడాదంతా బండికి ఆ దరిద్రం అంటుకునుద్ది. గురువారం పాడ్యమి. శుక్రవారం విదియ, నిక్షేపంలాంటి రోజు."

"ఇవాళే కట్టొచ్చు కదా మామయ్యా. ఇవాళ మంచిదేగా?"

"ఇవాళ కట్టినా అది మొదలయ్యేది బుధవారమేగా. నాకు తెలవదనుకున్నావా?"

అంటే అన్నీ తెలిసే చేశారన్నమాట! తెలియక చేస్తే నాలుగు మాటలు చెప్పి ఒప్పించవచ్చు. తెలిసి చేసేవాడితో ఏం మాట్లాడతాం?

"సరే, ఆ రెండు రోజులు బండి ఇంటి ముందు పెట్టండి" అన్నాను.

"ఎందుకు పెడతా? ఫ్యాక్టరీ గేటోళ్ళు రానీకపోతే మానె. బుధవారం గుంటూరు యార్డుకి మిర్చి లోడు మాట్లాడా. లైఫ్ పాలసీ కట్టడం నెల ఆలస్యమైతే ఊరుకోలా? ఇదీ అంతే."

"లైఫ్ పాలసీకి నెల ఓపిక పడతారు. బండికి ఒక్క నిమిషం కూడా పట్టరు. అయినా అమావాస్య నాడు బండి రోడ్డెక్కొచ్చు గానీ, దాని కాగితం మొదలవకూడదా?"

"తిరిగే బండి వేరు, మొదలెట్టే పని వేరు. నీకేం తెలుసు, నోరు మూసుకుని లోపలికి పో."

నేను పోలేదు. పొలం నాది, పేరు నాది, రేపు కోర్టు మెట్లెక్కేది నేను అని వీధికి వినపడేట్టు అన్నాను. పెళ్ళయి వచ్చాక ఆయన ఎదుట గొంతు పెంచడం అదే మొదలు. అత్తయ్య పరుగెత్తుకొచ్చి, "పెద్దమనిషి మాట తీసేస్తావా, ఇంటికి శని తెస్తావా" అని శోకాలు పెట్టింది. మా ఆయన బండి కింద గ్రీజు కొడుతున్నాడు, బయటికి రాలేదు. "మీ ఇద్దరి మధ్య నన్ను నలపమాకండే" అని కిందనుంచే అరిచాడు. ఆ మాటకు ఆయన మీద కూడా ఒళ్ళు మండింది. బండెక్కేది తనే కదా!

అక్కడే నిలబడి ఏజెంటుకు మళ్ళీ ఫోన్ చేసి, పాత పాలసీ అయిపోయిన నిమిషం నుంచే కొత్తది మొదలవ్వాలని చెప్పి డబ్బు కట్టేశాను. ఓటీపీ నా ఫోనుకే వస్తుంది కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. సాయంత్రానికి కాపీ వచ్చింది. బుధవారం తేదీ ఉన్న చోటు మామగారికి చూపిద్దామని వెళితే మొహం తిప్పుకున్నారు. ఆ రాత్రీ, మంగళవారమూ నా చేతి అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు.

బుధవారం మా ఆయన మిర్చి దించి తిరిగి వస్తూ, పిడుగురాళ్ళ దాటాక, ఉన్నట్టుండి ఆగిన ఆటోను వెనకనుంచి గుద్దాడు. ఆటో నడిపే మనిషి ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. మా ఆయనే అతన్ని ఎత్తుకుని ఇంకో బండిలో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడినుంచి ఫోను చేశాడు.

నేనూ మామగారూ బస్సెక్కాం. సీట్లు పక్కపక్కనే దొరికాయి. నరసరావుపేట దాకా ఆయన కిటికీలోంచి, నేను ఫోనులో పాలసీ కాపీ వైపు చూస్తూ కూర్చున్నాం.

ఆసుపత్రి వరండాలో ఆటో మనిషి భార్య నేల మీద కూర్చుని ఉంది. చిన్న వయసు. లారీవాళ్ళం మేమేనని ఎవరో చెప్పగానే లేచి మా మీదికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా తప్పు లేదు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు.

"మీ లారీకి ఇన్సూరెన్సు ఉందా?" అని అడిగింది. మా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

నేను నోరు తెరిచేలోపే మా మామగారు ముందుకొచ్చారు.

"ఎందుకు లేదమ్మా? చానా పద్ధతిగా ఉండే ఇల్లు మాది. ఒక్క రోజు కూడా ఖాళీ పెట్టం. నిన్నటితో పాతది అయిపోతే, ఇయ్యాల నుంచి కొత్తది ఉంది. నువ్వేం బయపడమాక" అన్నారు.

ఆమె అక్కడే కూలబడి అప్పుడు ఏడ్చింది. ఆ ముసలాయన గొంతు పట్టుకోవాలనిపించింది. కానీ ఆమె ముందు ఏమనగలను? ఫోనులో కాపీ తీసి ఆమెకు చూపించాను. తేదీ మీద వేలు పెట్టి చదివి చెప్పాను. కేసు వేసే వకీలుకు ఇది ఇవ్వమని ఆమె తమ్ముడి ఫోనుకు పంపించాను.

పోలీసులు బండి తీసుకెళ్ళారు, మా ఆయన మీద కేసు పెట్టారు, అది ఆయన పడాల్సిందే. ఆటో మనిషికి రావాల్సింది మాత్రం కోర్టు ఇన్సూరెన్సు కంపెనీ చేత ఇప్పించింది. మా అమ్మ ఎకరం మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఆ ఆటో మనిషి ఇప్పటికీ కుంటుతాడు, మళ్ళీ ఆటో నడుపుతున్నాడు.

అయితే ఆ రోజు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి ఇంటి గుమ్మం ఎక్కకముందే, వీధిలో నలుగురూ ఉండగా మామగారు తిరిగి నిలబడ్డారు.

"చూశావా? అమావాస్య పూట కాగితం మొదలెట్టావ్, సాయంత్రానికల్లా ఒకడి కాలిరిగింది. నేను చెప్తే విన్నావా?"

అక్కడ పొంగింది చూడండి నాకు! "ఆసుపత్రిలో ఆ పిల్లకి ఏం చెప్పారు మామయ్యా? ఒక్క రోజు కూడా ఖాళీ పెట్టం అనా? సిగ్గు లేదూ మీకు?" అన్నాను. ఆయన ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశారు. మంచినీళ్ళు కావాలన్నా అత్తయ్యతో చెప్పించేవారు.

మరుసటి జనవరికి ఎరువుల కొట్టు నుంచి కాలెండర్లు రెండు తెచ్చారు. ఒకటి తన మంచం పక్కన కొట్టుకున్నారు. రెండోది ఎప్పటిలాగే వంటింటి గుమ్మం పక్కన మేకుకు తగిలించి, ఎర్ర పెన్ను దాని దారానికి కట్టి వెళ్ళిపోయారు. నేను ఇన్సూరెన్సు గడువు రోజుకు గుండ్రం చుట్టి, పక్కగడిలో ఏ తిథి పడిందో చూడకుండా ఆ గడిని ఎర్ర ఇంకుతో నిండా పూడ్చేశాను.