సైమి తల మండిన శుక్రవారం

రౌమా అనే ఉత్తరాది ఓడరేవు ఊరి పాతబస్తీలో, చెక్క ఇళ్లు భుజం భుజం రాసుకుంటూ నిలబడే ఒక సన్నని వీధిలో ఇర్మెలి క్షౌరశాల ఉంది. రెండు కుర్చీలు, ఒక కడుగుతొట్టి, కిటికీలో జెరేనియం కుండీ, ఎప్పుడూ వేడిగా ఉండే కాఫీ. ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసే తండ్రికి పుట్టిన ఇర్మెలి, చదువు పెద్దగా ఎక్కక, పదహారో ఏట కత్తెర పట్టింది. ఇప్పుడామెకు యాభై ఎనిమిది. ఊళ్లో సగం మంది తలలు ఆమె చేతి కింద నెరిశాయి. ఒకసారి పెళ్లి చేసుకుంది, ఒకసారి విడిపోయింది. రెండూ ఆమెకు సుఖంగానే జరిగాయని చెప్పుకుంటుంది. శనివారం సాయంత్రాల్లో సరస్సు ఒడ్డున ఉన్న డాన్సు హాలుకు వెళ్లడం మాత్రం ఏ పెళ్లి కోసమూ మానలేదు.

ఆమె గర్వమంతా ఒక్క మాటలో ఉంది: ఇన్నేళ్లలో తన కుర్చీలో కూర్చున్న ఒక్కరు కూడా బాధపడలేదు. రంగు వేసినా, జుట్టుకు ఉంగరాలు తిప్పే పెర్మింగు చేసినా, మధ్యలో వంగి "ఎలా ఉంది?" అని అడుగుతుంది. ప్రతి ఒక్కరూ "బాగానే ఉంది" అంటారు. అంతకంటే ఏం కావాలి?

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోనులో ఒక సందేశం వచ్చింది. అంత పొడవైన సందేశం ఆమెకు ఎన్నడూ రాలేదు. ఇక్కడి వాళ్లు "శుక్రవారం పదికి?" అని రాస్తారు, అంతే.

"హలో ఇర్మెలీ. నేను సైమిని, హిల్కా మనవరాలిని. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి, భయమేసి ఆపేశాను, అందుకే రాస్తున్నాను. వచ్చే వారం శనివారం డాన్సు హాల్లో బ్యాండుతో నా మొదటి పాట. దానికి జుట్టుకు రాగి రంగు వేయించుకోవాలని ఉంది. కానీ నా మాడు చాలా సున్నితం. కిందటేడు వేరే ఊళ్లో బ్లీచ్ చేయించుకుంటే మాడంతా కాలినట్టయి, పొట్టు రాలింది. నర్సు చూసి, ఎలర్జీలా లేదు, చర్మమే పలచన, గట్టి మందులు తగలనివ్వకు అంది. ఆ రోజు రంగు వేసే అమ్మాయి 'ఎలా ఉంది' అని అడిగింది. నేను 'బాగానే ఉంది' అన్నాను. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే జలుబు అన్నాను. నాకు కుర్చీలో కూర్చుంటే నోరు రాదు. అందుకే ముందే చెబుతున్నాను. వాసన మందులు కూడా పడవు. సున్నితంగా వేసే దారి ఉంటే చెప్పండి. లేకపోతే లేదనండి, ఏమీ అనుకోను. ఇంత పొడుగ్గా రాసినందుకు క్షమించండి."

ఇర్మెలి కళ్లజోడు పెట్టుకుని రెండోసారి చదివింది. ఆమెను నవ్వించింది జలుబు. గుచ్చుకుంది మాత్రం 'బాగానే ఉంది' అన్న మాట. ఆ మాట తన కుర్చీలో కూడా రోజూ వినబడుతుంది కదా.

ఒంటి వేలితో జవాబు కొట్టింది. "దారి ఉంది. రేపు రా. చెవి వెనక కొంచెం రంగు రాసి చూద్దాం, రెండు రోజులు తడపకు. ఏమీ రాకపోతే, నీ పాటకు ముందు రోజు, శుక్రవారం వేద్దాం. అప్పుడు వచ్చే ముందు రెండ్రోజులు తల రుద్దుకోకు. తలలో ఊరే జిడ్డే నీ మాడుకి గొడుగు. ఎంత జిడ్డుగా వస్తే నాకంత ఇష్టం."

చెవి వెనక ఏమీ రాలేదు. దురద లేదు, ఎరుపు లేదు. అంతా అనుకున్నట్టే జరిగేదే, హిల్కా గనక లేకపోతే.

శుక్రవారం పొద్దున సైమి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, భుజాలు ముందుకు వంచి, ఎవరి చోటో ఆక్రమిస్తున్నట్టు. వెనకే ఆమె నాయనమ్మ హిల్కా. ఎనభై దాటినా నిటారుగా, తన పెర్మింగు కోసం. ఇర్మెలి సైమి జుట్టు పాయ తీసి వేళ్ల మధ్య రుద్దింది. కడిగిన పళ్లెంలా కిచకిచమంది. మాడు చిన్నపిల్ల బుగ్గలా గులాబీ రంగులో ఉంది.

"సైమీ, రాత్రి ఏం చేశావు?"

"ఏం లేదు."

"ఆవిరి స్నానానికి సౌనాకి వెళ్లావా?"

సైమి నేల చూసింది. జవాబు హిల్కా ఇచ్చింది.

"వెళ్లకుండా ఎలా ఉంటుంది? నా మనవరాలు మొదటిసారి జనం ముందు పాడబోతుంటే పొయ్యి వెలిగించనా? నిన్న పొద్దుటి నుంచి కట్టెలు వేశాను. చెట్టు తారు కలిపిన సబ్బుతో నేనే రుద్దాను తల. మెరిసిపోయింది!"

"రుద్దొద్దని చెప్పాను కదమ్మా నీకు!" అంది ఇర్మెలి సైమితో.

"చెప్పారు. కానీ మామ్మ అప్పటికే నీళ్లు పోసేసింది" అంది సైమి. "బాగానే ఉందని..."

"అనేశావు."

"ఊఁ."

ఇర్మెలి కాఫీ పోసుకుని కిటికీ దగ్గర నిలబడింది. రేపే పాట. గొడుగు లేని మాడు మీద రంగు రాయడం కుదరదు. సైమి అద్దంలో తన ఎలుక రంగు జుట్టును చూసుకుంటోంది. వద్దన్నా ఏమీ అనుకోదు, అదే ఇర్మెలిని మరీ కదిలించింది. ఈ పిల్ల ఏమీ అనుకోకుండానే జీవితమంతా గడిపేసేలా ఉంది.

"సరే. మాడుకు రంగు తాకనివ్వను" అంది కప్పు పక్కన పెట్టి. "సన్న సన్న పాయలు తీసి, ఒక్కోదాన్ని అల్యూమినియం రేకులో చుడతాను. కుదురు దగ్గర వేలెడంత వదిలేసి కింద నుంచి మొదలుపెడతాను. మొత్తం రాగి కాదు, రాగి చారలు. వెలుగు పడితే నిప్పులా ఉంటుంది. అమ్మోనియా లేనిదే, బ్లీచ్ అసలు లేదు. ఒప్పుకుంటావా?"

"బాగా..." అని ఆగి, సైమి "ఒప్పుకుంటాను" అంది.

"ఇంకో మాట. ఇవాళ ఈ గదిలో 'బాగానే ఉంది' అనే మాట నిషేధం. మండితే మండుతోంది అను. దురదైతే దురద అను. అన్న వెంటనే ఆపుతాను. నేను తిట్టను, ఏడవను."

"తన్నుతావా?" అంది హిల్కా రెండో కుర్చీలోంచి.

"నిన్ను తన్నుతాను."

పని మొదలైంది. ముందు నుదుటి అంచు చుట్టూ, చెవుల మీద మందంగా వాసన లేని క్రీము పూసింది. తోక దువ్వెనతో పాయలు విడదీసి, రేకు పెట్టి, కుంచెతో రంగు రాసి మడిచింది. మధ్య మధ్యలో హిల్కా దగ్గరకు పోయి ఆమె జుట్టు సన్నని గొట్టాలకు చుట్టి, పెర్మింగు మందు పోసి, ప్లాస్టిక్ టోపీ పెట్టింది. రేకులన్నీ పూర్తయ్యేసరికి సైమి తల పండుగ రోజు కాల్చిన చేపల పళ్లెంలా ఉందని హిల్కా అంది. సైమి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు భలే గొంతుంది. ఇర్మెలికి ఆ పిల్ల పాడుతుందన్న మాట అప్పుడు నమ్మబుద్ధి అయింది.

"ఏం పాట పాడతావు?"

"టాంగో. దీపస్తంభం మీద రాసిన పాత పాట."

"అది నేను ఏడుస్తూ డాన్సు చేసే పాట!" అంది ఇర్మెలి. "రేపు రుమాలు తెచ్చుకోవాలి."

రేకుల్లో రంగు పట్టసాగింది. ఇర్మెలి అలవాటు ప్రకారం వంగి, "ఎలా..." అని, నాలుక కరచుకుంది. ఆ ప్రశ్నకు ఏ జవాబు వస్తుందో తెలుసు. అందుకని వేరే ప్రశ్న వేసింది.

"ఎక్కడ మండుతోంది?"

సైమి పెదవులు కదిలాయి. అద్దంలో తన కళ్లలోకి తానే చూసుకుంది.

"ఎడమ చెవి వెనక" అంది. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, "ఇప్పుడే మొదలైంది. చిన్నగానే. కానీ మండుతోంది."

ఇర్మెలి చేతిలోని దువ్వెన కింద పడేసింది. "విన్నావా హిల్కా? అంది! నోటితో అంది!"

అంటూనే చేతులు పని చేశాయి. ఎడమ చెవి వెనక ఒక రేకు మడత జారి, రంగు చుక్క ఒకటి పైకి పాకి కుదురును తాకింది. రేకు విప్పి, పాయ తుడిచి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో ఆ చోటు మళ్లీ మళ్లీ అద్దింది. వేలిగోరంత ఎరుపు కనబడి, చూస్తుండగానే పలచబడింది.

"ఇప్పుడు?"

"మంట లేదు" అంది సైమి. "చల్లగా ఉంది. నీళ్లు మెడలోకి కారుతున్నాయి, అది నచ్చలేదు."

"ఇంకా చెప్పు, ఇంకా చెప్పు!" అంటూ ఇర్మెలి తువ్వాలుతో మెడ తుడిచింది. సైమి కూడా అలవాటు పడిపోయింది. కుర్చీ ఎత్తు ఎక్కువైందంది, కాఫీ చేదంది.

అప్పుడు రెండో కుర్చీలోంచి ఒక దగ్గు వినబడింది.

"అది మాట్లాడే విషయమే అయితే" అంది హిల్కా, "నాకూ మెడ వెనక మండుతోంది."

ఇర్మెలి ఉలిక్కిపడి తిరిగింది. "ఎప్పటి నుంచి?"

"నువ్వు రేవు దగ్గర చిన్న కొట్లో ఉన్నప్పటి నుంచి."

"ఆ కొట్టు పోయి ముప్పై ఏళ్లయింది!"

"అవును. పెర్మింగు అంటేనే అంత అనుకున్నాను."

"ప్రతిసారీ అడిగాను కదే, ఎలా ఉంది అని!"

"అడిగావు. అడిగిన మనిషిని బాధపెడతానా?" అంది హిల్కా. "నువ్వు ఎంత సంతోషంగా అడిగేదానివి!"

సైమి రేకులు గలగలలాడేలా నవ్వింది. ఇర్మెలికి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. మొదలు హిల్కా మెడ చుట్టూ పెట్టిన దూది వలయం తీసి చూసింది. మందు పీల్చుకుని తడిసి ముద్దయింది. దాన్ని పారేసి, మెడ కడిగి, క్రీము రాసి, పొడి దూది పెట్టింది. ఆ దూదిని ప్రతిసారీ మధ్యలో మార్చి ఉంటే ముప్పై ఏళ్ల మంట ఉండేది కాదు. తన గర్వం అంతా ఆ తడి దూదిలో కూర్చుని ఉన్నట్టనిపించి, దాన్ని చెత్తబుట్టలో వేసి మూత గట్టిగా పెట్టింది.

"ఊళ్లో ఇంకెంత మందికి మండుతోందో" అంది.

"నీ దగ్గరకొచ్చే అందరికీ కొంచెం కొంచెం" అంది హిల్కా హాయిగా. "ఇదిగో, ఇప్పుడు నిజంగా బాగుంది. ఇలా ఉంటుందా పెర్మింగు!"

గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, డ్రయ్యరు చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టాక, సైమి జుట్టు గోధుమ రంగు పొలంలో సాయంకాలపు ఎండ చారల్లా ఉంది. మాడు మామూలుగా ఉంది. సైమి తల అటూ ఇటూ తిప్పింది. భుజాలు వెనక్కి వెళ్లాయి.

"నచ్చిందా?" అని అడగబోయి ఇర్మెలి, "ఏం నచ్చలేదు?" అంది.

సైమి చాలాసేపు వెతికింది. "ఏదీ దొరకడం లేదు" అంది చివరికి. మొహమాటంతో అన్న మాట కాదది.

మర్నాడు సాయంత్రం సరస్సు ఒడ్డున డాన్సు హాలు కిక్కిరిసింది. అకార్డియన్ మొదలైంది. సైమి మైకు ముందు రెండు చేతులూ బిగించి నిలబడింది. మొదటి వాక్యం మైకుకు మాత్రమే వినబడింది. రెండోది ముందు వరుసకు. మూడోదానికి హాలు నిండింది. జుట్టులో రాగి చారలు దీపాల కింద వెలిగాయి. గోడ పక్క కుర్చీలో హిల్కా తన జుట్టులోని కొత్త ఉంగరాలను మాటిమాటికీ తడుముకుంటూ, పక్కవాళ్లకు మెడ చూపించి ఏదో చెబుతోంది.

ఇర్మెలిని రేవులో క్రేను నడిపే ఒక పెద్దమనిషి డాన్సుకు అడిగాడు. బరువైన మనిషి, బరువైన బూట్లు. మొదటి మలుపులోనే ఆమె కాలి వేళ్లు తొక్కాడు.

"ఎలా ఉంది?" అని మర్యాదగా అడిగాడు.

"బా..." అని ఇర్మెలి నోరు తెరిచి, ఆగి, పగలబడి నవ్వింది.

"నా కాలి మీద నిలబడ్డావు" అంది. "దిగు. తర్వాత డాన్సు చేద్దాం."

ఆయన ఎర్రబడి దిగాడు. ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి టాంగో కుదిరింది.