ఒకే మిషను, రెండు పేర్లు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కళ్ళద్దాలక్క అంటారు. పదకొండేళ్ళు కోత మిషన్ల దగ్గర పనిచేసింది. మోకాళ్ళు మొరాయించడంతో రెండేళ్ళ కిందట భద్రతా విభాగంలో గుమాస్తా కుర్చీ ఇచ్చారు. కంప్యూటరులో పట్టికలు గీయడం కూతురు నేర్పింది. "మౌసు పట్టుకోమన్నానమ్మా, పీక నొక్కమనలేదు" అని ఆ పిల్ల పడీపడీ నవ్వేది.

ఆ రోజు తొమ్మిదింటికి మేనేజరు నలభై రెండు పేజీల తనిఖీ నివేదిక తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అంతకుముందు వారం బయటి నుంచి వచ్చిన తనిఖీ అధికారీ, ఆయన సహాయకుడూ మూడు రోజులు ఫ్యాక్టరీ అంతా తిరిగి రాసింది అది.

"పన్నెండింటికి మీటింగమ్మా. ఒక్క పేజీ చాలు. ప్రమాదం ఏంటి, ఎంత తీవ్రం, ఏం చెయ్యాలి. అంతే, కథలొద్దు."

ఆమె పట్టిక గీసి పని మొదలుపెట్టింది. గోదాములో అత్యవసర ద్వారానికి అడ్డంగా అట్టల కట్టలు: తీవ్రత ఎక్కువ, ఇవాళే తీయించాలి. మెట్ల కమ్మీ వదులు: మధ్యస్థం, వారంలో బిగించాలి. జిగురు డబ్బాలకు పేర్లు లేవు: తక్కువ, చీటీలు అంటించాలి. అధికారి రాసిన తీవ్రతను ఎక్కడా తాను మార్చలేదు. కుదించడమే తన పని.

తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: మూడో నంబరు కోత మిషనుకు జాలీ తలుపు తెరవగానే మిషనును ఆపాల్సిన స్విచ్చిని తీగతో కట్టేశారు. తలుపు తెరిచినా మిషను ఆగడం లేదు. అయితే ఆపడానికి ఎర్ర బటను చేతికందేలా ఉంది కనుక తీవ్రత మధ్యస్థం.

ముప్పై ఒకటో పేజీ, కరెంటు భాగం. ఉత్తరం గుమ్మం పక్కనున్న మిషనుకు ఎర్ర బటను నొక్కినా ఆగడం లేదు. జాలీ తలుపు రక్షణగా ఉంది కనుక మధ్యస్థం.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. ఉత్తరం గుమ్మం పక్కన ఉండేది ఒకే ఒక్క మిషను. అదే మూడో నంబరు! నంబరు రేకు ఎప్పుడో ఊడిపోయింది. ఒకరు నంబరు ఎవరినో అడిగి రాసుకున్నట్టున్నారు, ఇంకొకరు గుమ్మాన్ని గుర్తు పెట్టుకున్నారు; రెండూ ఒకటేనని బయటివాళ్ళకు తెలిసే అవకాశం లేదు. ఒక పేజీ బటనును నమ్ముకుంది, ఇంకో పేజీ తలుపును నమ్ముకుంది. నిజానికి రెండూ లేవు.

ఇప్పుడు ఆ మిషను మీద ఉన్నది తన తోడికోడలు.

మోకాళ్ళ సంగతి మరిచిపోయి ఆమె పరుగెత్తింది. తోడికోడలు జాలీ తలుపు తెరిచి, ఇరుక్కున్న అట్టను లాగబోతోంది. ఆమె చెయ్యి ఇంకా జాలీ లోపలికి వెళ్ళలేదు.

"చెయ్యి తియ్యి! ఆపెయ్ ముందు!"

తోడికోడలు ఉలిక్కిపడి మామూలు స్విచ్చితో మిషను ఆపింది. "ఏంటక్కా, కొంపలంటుకున్నట్టు ఆ అరుపేంటి?"

"అంటుకునేదే! ఆ స్విచ్చిని తీగతో ఎందుకు కట్టారే?"

"తలుపు కుంగిపోయిందక్కా. మిషను ఊగినప్పుడల్లా ఆగిపోతోంది, గంటకి ఇరవైసార్లు. చెప్పీ చెప్పీ నోరు పోయింది. విసుగొచ్చి కట్టేశాం."

ఆమె అక్కడినుంచే తనిఖీ అధికారికి ఫోన్ చేసి రెండు వాక్యాలూ చదివి వినిపించింది. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఆ రెండూ ఒకటేనా! కరెంటు భాగం మా సహాయకుడు రాశాడు. నేను సరిచూసుకోవాల్సింది. అత్యంత తీవ్రం అని మార్చి ఇప్పుడే పంపిస్తా. మిషను మాత్రం నడపనివ్వకండి."

సంగతి విని మేనేజరు వచ్చాడు. "పెద్ద ఆర్డరు ఉందమ్మా. నిజంగా బటను పనిచెయ్యదా?"

ఎలక్ట్రీషియన్ అందరినీ పసుపు గీత వెనక్కి పంపి, మిషను ఖాళీగా తిప్పి, ఎర్ర బటను గట్టిగా నొక్కాడు. కోత పలక దిగింది. లేచింది. మళ్ళీ దిగింది. మేనేజరు ముఖం పాలిపోయింది.

"కరెంటు తీసెయ్. మెయిన్ స్విచ్చికి తాళం వెయ్" అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో.

మీటింగులో ఆమె పేజీ మొదటి వరుస ఇలా ఉంది: మూడో నంబరు కోత మిషను, ఉత్తరం గుమ్మం పక్కన. రెండు రక్షణలూ పనిచేయడం లేదు. అత్యంత తీవ్రం. కుంగిన తలుపు కీళ్ళు మార్చాలి, తీగ విప్పి స్విచ్చి సరిచేయాలి, బటను వైర్లు కొత్తవి వేయాలి, పరీక్షించాకే తాళం తీయాలి. బాధ్యత ఎవరిది, ఎప్పటిలోగా అన్నది కూడా రాసింది. "జాగ్రత్తగా ఉండాలి" అన్న మాట ఎక్కడా రాయలేదు.

"కూలీల తప్పని ఒక ముక్క రాయాల్సిందేమో" అని ఎవరో గొణిగారు.

"తలుపు బాగుంటే తీగ ఎవరు కడతారు సార్?" అందామె. మేనేజరు సంతకం పెట్టాడు.

మూడోనాడు మరమ్మతు పూర్తయింది. మిషను చుట్టూ జనం మూగారు. ముందు ఎలక్ట్రీషియన్ ఎర్ర బటను నొక్కి చూపించాడు. తర్వాత తోడికోడలు, మిషను జోరుగా తిరుగుతుండగా, తలుపు కొద్దిగా లాగింది. పలక ఉన్నచోటే టక్కున ఆగిపోయింది! ఈలలు, చప్పట్లు.

"అక్కా, ఇంకోసారి?" అంది తోడికోడలు, కళ్ళు మెరిపిస్తూ.

"ఇంకో పదిసార్లు!" అంది కళ్ళద్దాలక్క.