తీసి పక్కన పెట్టిన కార్డు

నస్పూర్‌లో నా గురించి ఒక మాట తిరుగుతోంది. "సొంత చెల్లెకు అయ్యేది కార్డ్లల్ల ముందుగాలనే జూసిండు" అని. అది విని మంచిర్యాల నుంచి కూడా మనుషులు వస్తున్నారు. ఆ మాట నిజం కాదు. ఇన్నాళ్లూ దాన్ని ఖండించనివాణ్ణి నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దయ్యాలు, శకునాలు నేనెప్పుడూ నమ్మలేదు. మా బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. అంత చీకట్లో బతుకంతా తిరిగిన మనిషి ఒక్కనాడు కూడా ఏదో కనిపించిందని చెప్పలేదు. నేనూ అలాగే పెరిగాను. ఫొటో స్టూడియో నడుపుతాను. ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చాక గిరాకీ తగ్గింది. ఖాళీగా కూర్చునే రోజుల్లో వీడియోలు చూసి టారో, అంటే బొమ్మల కార్డులతో జోస్యం చెప్పడం, నేర్చుకున్నాను. బొమ్మ చూపిస్తే మనిషి తన మనసులోది తానే చెప్పుకుంటాడు, అంతకుమించి అందులో ఏమీ లేదనుకునేవాణ్ణి.

మూడు కార్డుల పద్ధతి తేలిక. అడిగేవాళ్ళు ప్రశ్నను మనసులో పెట్టుకుని కట్ట కలపాలి. పైనుంచి మూడు కార్డులు ఎడమ నుంచి కుడికి బోర్లా పెట్టాలి. మొదటిది గడిచింది, నడుమది ఇప్పటిది, చివరిది ఇలాగే సాగితే రాబోయేది. ఒక్కొక్కటి తిప్పినా మూడింటినీ కలిపి ఒకే కథగా చదవాలి.

అసలు కష్టమంతా ప్రశ్న దగ్గరే. అవునా కాదా అని అడగకూడదు. ఎప్పుడు అని అడగకూడదు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందని తొంగిచూడకూడదు. అడిగేవాళ్ళ చేతిలో ఉన్నదాని గురించి అడగాలి. జవాబును ప్రశ్నలోనే దాచిపెట్టకూడదు. ఇవన్నీ నాకు బాగా తెలుసు.

నా చెల్లె సరితను బోథ్ దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. పత్తి పండించే ఇల్లు. బావ మస్కట్ పోయాడు. కొన్నాళ్ళకు ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. కూలీలు దొరకడం లేదని అత్తగారు చేను పనంతా సరిత మీదే వేసింది. సరితకు కుట్టుపని బాగా వచ్చు. జాకెట్టు తెచ్చిస్తే కొలత తీయకుండానే చూసి కుట్టేది.

ఒకరోజు వానలకు ముందు ఆమె వస్తున్నానని ఫోన్ చేసింది. గొంతు విని నాకు, నా భార్యకు అర్థమైంది. ఈసారి ఆమెకు తిరిగి పోయే ఆలోచన లేదు. మాకున్నవి స్టూడియో వెనక రెండు గదులు. "వస్తే వద్దంటమా? కని ఎక్కడుంటది?" అంది నా భార్య. నేను కార్డుల కట్ట తీశాను.

భయపెట్టే కార్డులు కొన్నింటిని నేను ముందునుంచీ వాడను. మృత్యువు కార్డు, కూలే బురుజు కార్డు చూస్తే మనుషులు లేచి పోతారు. ఆరోజు ఇంకొన్ని తీశాను. పడవలో దాటిపోయే కార్డు, మూట భుజాన వేసుకుని బయల్దేరే కార్డు, ఎయిట్ ఆఫ్ కప్స్. ఈ చివరిదాని మీద పేర్చిన ఎనిమిది గిన్నెలను వదిలి, ఎర్ర అంగీ వేసుకున్న మనిషి కర్ర పట్టుకుని కొండల వైపు నడిచిపోతుంటాడు. ముఖం కనిపించదు, వీపే కనిపిస్తుంది. ఉన్నది వదిలి పొమ్మనే కార్డు అది.

"గీ పోతున్నాయన ఏం జేసిండు? ఈయన్నెందుకు తీస్తున్నవ్?" అని నా భార్య అడిగింది. "ఈయన అవసరం లేదు" అన్నాను. తీసినవాటికి రబ్బరు చుట్టి, ఫొటోల కవర్లో వేసి, సొరుగులో పెట్టాను. అది ఆమె చూసింది. ఇప్పుడు అడిగినా అదే చెబుతుంది.

మధ్యాహ్నం సరిత వచ్చింది. చాయ్ తాగి అడిగింది. "అన్నా, ఆయన మళ్ళ నన్ను జూస్తడా? నేను ఆడ్నే ఉండాల్నా, ఇడిసిపెట్టి రావాల్నా?"

"గట్ల అడగద్దు చెల్లే. బావ మనసు కార్డ్లకేం ఎర్క? నీ చేతిల ఉన్నదాని గురించి అడుగు" అన్నాను. ఆ మాట వరకు సరైనదే. తర్వాత ప్రశ్నను నేనే తయారుచేసి ఇచ్చాను: బోథ్‌లో ఉంటూనే నా కాపురాన్ని ఎలా నిలబెట్టుకోవాలి? పొమ్మనే దారిని కట్టలోంచి తీసేశాను. చాలక ప్రశ్నలోంచి కూడా తీసేశాను. ఆమె తలూపి కట్ట కలిపింది.

మొదటిది టెన్ ఆఫ్ వాండ్స్. పది కర్రల మోపు మోస్తూ వంగిపోయిన మనిషి. రెండోది ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్. కళ్ళకు గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ కత్తులు పాతి ఉన్న ఆడమనిషి. కానీ ఆ కట్లు వదులుగా ఉంటాయి, కాళ్ళు విడిగా ఉంటాయి, ముందు కత్తి ఉండదు. నడవాలనుకుంటే నడవగలదు.

మూడోది సరితే తిప్పింది. ఎర్ర అంగీ మనిషి.

నేను తీసి సొరుగులో పెట్టిన కార్డే. గుమ్మంలో నిలబడిన నా భార్య కార్డును చూసింది, నన్ను చూసింది, లోపలికి పోయింది.

మోసింది చాలు, కట్లు వదులుగానే ఉన్నాయి, లేచి నడువు. మూడింటినీ కలిపి చదివితే అంతకన్నా సూటిగా ఏ కార్డులూ చెప్పలేవు. నేను చెప్పింది వేరు. "బావ ఆడ అన్నీ ఇడిసిపెట్టి వస్తుండు. నువ్వు జర ఓపిక వట్టు" అన్నాను.

"నిజమా అన్నా?"

"కార్డ్ల అట్లనే పడ్డది."

సాయంత్రం బస్సుకు ఆమె వెళ్ళిపోయింది. సొరుగు తెరిచాను. రబ్బరు చుట్టినట్టే ఉంది. మిగతావన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

ఆ వానాకాలం పత్తికి పురుగుమందు కొడుతూ సరిత చేనులోనే పడిపోయింది. ఆదిలాబాద్ దవాఖానలో బతికింది. కానీ వేళ్ళ వణుకు పోలేదు. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. బావ రానేలేదు. నేనే వెళ్ళి ఆమెను తీసుకొచ్చాను. అప్పుడు ఆ రెండు గదుల్లోనే చోటు దొరికింది.

చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఆమె ఒకటే చెప్పేది. "మా అన్న ఏం జేస్తడు? కార్డ్ల గట్ల పడ్డది." నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. ఆ మాటే నోటినోటా తిరిగి, నేను ముందే చూశాననే కథ అయింది.

మొన్న ఆమెకు అంతా చెప్పాను. తీసేసిన కార్డు, మార్చిన ప్రశ్న, చదివిన అబద్ధం. తిడుతుందనుకున్నాను. ఆమె తన వేళ్ళనే చూసుకుంది.

"నువ్వు చెప్పిన ప్రశ్న నేను అడగనే లేదన్నా," అంది. "కలుపుతున్నప్పుడు మనసుల వేరేదనుకున్న. వస్తే మా అన్న ఉంచుకుంటడా అని."

ఆ ప్రశ్నకు కార్డులు అక్కర్లేదు. నన్ను అడిగితే చాలు. అడిగే వీలు నేనివ్వలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే ప్రశ్న ఎలా అడగాలో నేర్పడం మొదలుపెట్టాను.

కార్డులిప్పుడు ఎవరికీ వేయడం లేదు. రబ్బరు చుట్టి సొరుగులో పెట్టిన కార్డు ఆమె చేతికి ఎలా వచ్చిందో నేనూ, నా భార్యా ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. తీయడం మరిచామని అనుకుందామంటే, ఈయన ఏం చేశాడని నా భార్య అడిగింది ఆ కార్డు గురించే. నాకు తెలియదు. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. కానీ అది వచ్చిందనీ, నేను చూశాననీ, చూసి కూడా ఆమెను బస్సెక్కించాననీ ముందు చెబుతాను.