మూడో గుండీ

సామ్యూల్ కళ్లు అప్పటికే దెబ్బతిన్నాయి. ఇరవై రెండేళ్లుగా రెజిమెంటల్ బజార్‌లోని ఫోటో స్టూడియోలో ఒకే కిటికీ దగ్గర కూర్చుని, గాజు నెగటివుల మీద సన్నటి పెన్సిలుతో జనం ముఖాల మీది మచ్చలు మాపుతున్నాడు. బాపట్ల నుంచి వచ్చినప్పుడు బడిపంతులు అవుదామనుకున్నాడు. అయింది ఇది. ఎవరికి ఎక్కడ గాటుందో, ఎవరి కన్ను మెల్లో, బజారులో సగం మంది రహస్యాలు అతనికి తెలుసు. ఒక్కటీ బయట పెట్టలేదు.

బ్రహ్మచారి అనే స్టూడియో యజమాని మాత్రం ఊరుకోడు. "మా సామ్యూల్ చేతిల పడితే మశూచి మచ్చలు సుత మాయమైతయి. జెర నీ ముఖం గూడ దిద్దుకోరాదయ్యా," అంటాడు.

"నాకు నెగటివు లేదండీ," అంటాడు సామ్యూల్.

పోలీసు చర్య జరిగి రెండేళ్లయింది. ఆ వానాకాలం చివర ఒక మధ్యాహ్నం ఖమర్ బీ వచ్చింది. కార్ఖానా బస్తీలోని దర్జీ కొట్లకు కాజాలు, గుండీలు కుట్టి ఇస్తుంది. కూతురు మహమూదాకు ఐదేళ్లు. ఆమె భర్త అల్లాఉద్దీన్, బీదర్‌లో ఉన్న తల్లిని తీసుకొస్తానని, పోలీసు చర్య నాటి సెప్టెంబరులో గొడవ మొదలైన మూడో రోజు వెళ్లాడు. అతను చేరాడో లేదో ఎవరూ చెప్పలేదు. తల్లీ, అన్న ఇమామ్ మాత్రం బొంబాయి దాకా పోయారని ఒకరు, ఓడ ఎక్కి కరాచీ పోయారని ఒకరు చెప్పారు.

ఆమె కొంగు ముడి విప్పి ఒక ఫోటో తీసింది. "మా బావ పంపించిండు సాబ్. చేత్తోని ఒకాయన తెచ్చిచ్చి పోయిండు. బావకు రాయరాదు, చిట్టీ లేదు. జూడుండ్రి, ఈయనే. మా ఆయన." వేలు ఫోటోకు తగలకుండా పైనే ఆపి చూపించింది. "బతికే ఉన్నడు. షేర్వాణీ గూడ కుట్టించుకున్నడు. ఇక్కడున్నప్పుడు ఒక్కటి లేకుండె."

ఫోటోలో ఒక మేడ ముందు కుర్చీలో ముసలి తల్లి. పక్కన నిలబడ్డ ఇమామ్, భార్య, ఇద్దరు పిల్లలు. తల్లి కుర్చీ వెనక, నడుము దాకా కనబడుతూ, అల్లాఉద్దీన్.

"ఇది యాడ దీసిండ్రో చెప్పుండ్రి. బొంబాయి అయితే రేపే రైలెక్కుత. కరాచీ అయితే పర్మిట్‌కు అర్జీ పెట్టాలె. మల్ల తిరిగి రానియ్యరంట. ఇల్లు ఖాళీ జేస్తనని మాలిక్‌కు చెప్పేసిన."

సామ్యూల్ ఫోటో తిప్పి చూశాడు. వెనక స్టూడియో ముద్ర ఉండే మూలను ఎవరో కత్తిరించారు. సరిహద్దులో పట్టుకుంటారని భయం కాబోలు. భూతద్దం తీశాడు. గోడ ముతక రాతి దిమ్మెలతో కట్టింది. మిద్దె మీద గాలిని లోపలికి దించే, ఒకవైపు తెరిచిన గూళ్లు. అలాంటివి ఈ వైపు ఎక్కడా లేవు. బొంబాయిలోనూ అతనికి తెలిసి లేవు. యుద్ధకాలంలో కరాచీ నుంచి వచ్చిన సిపాయిలు బాగుచేయమని ఇచ్చిన ఫోటోల్లో చూశాడు. వీధి మూల మీద బండి ఒకటి సగం కనబడుతోంది. దాన్ని లాగుతున్నది ఒంటె. ఇమామ్ వేసుకున్నది వదులుగా ఘేరా ఉన్న సల్వారు, నెత్తిన ఊలు టోపీ. బీదర్‌లో అతను లుంగీ తప్ప కట్టినవాడు కాదట. కాగితం కొత్తది: నిగనిగలాడే నలుపు, అంచులు రంపం పళ్లలా కత్తిరించి ఉన్నాయి.

"ఒక్కోటీ విడిగా అయితే చెప్పలేనమ్మా. అన్నీ కలిపి చూస్తే కరాచీయే అనిపిస్తోంది. ఈ రెండేళ్లలో తీసిందే."

ఖమర్ బీ కళ్లు మూసుకుంది. ఆమె పెదాలు ఏదో దువా చదువుతున్నాయి. అక్కడితో ఆపి ఫోటో ఇచ్చేస్తే సరిపోయేది. కానీ ఇరవై రెండేళ్లుగా ముఖాలు చూసే అలవాటు చెయ్యి వెనక్కి తీసుకోనివ్వలేదు. భూతద్దం అల్లాఉద్దీన్ దగ్గర ఆగింది.

అందరూ ఎండకు కళ్లు చిట్లించారు. ముక్కుల నీడలు ఎడమ చెంపల మీద పడ్డాయి. అల్లాఉద్దీన్ కళ్లు మాత్రం నిండుగా తెరిచి ఉన్నాయి. అతని ముక్కు నీడ కుడి చెంప మీద ఉంది. ముఖం మిగతావాళ్ల ముఖాలకన్నా మెత్తగా, ఫోటోను మళ్లీ ఫోటో తీసినట్టు ఉంది. భుజాల చుట్టూ కుంచెతో గీసిన సన్నటి నల్ల అంచు. అలాంటి అంచులు సామ్యూల్ ఎన్ని గీయలేదు! తండ్రి పోయాక కుటుంబంతో ఫోటో కావాలని ఎందరు రాలేదు! పాత ఫోటోలోంచి మనిషిని కత్తిరించి, కొత్త ఫోటోలో అతికించి, మళ్లీ తీసి ఇవ్వడం అతని పనే.

షేర్వాణీ మీద పై నుంచి మూడో గుండీ మిగతావాటికన్నా పెద్దది.

అతను లేచి లోపలికి పోయాడు. అటక మీద పెట్టెల్లో, చిట్టా చూసి, నలభై నాలుగు నాటి గాజు పలక వెతకడానికి చాలాసేపు పట్టింది. దొరికింది. అల్లాఉద్దీన్ పెళ్లిసంబంధం కోసం తల్లికి పంపిన ఫోటో పలక. గడ్డం కింద ఉన్న చిన్న గాటు మీద తన పెన్సిలు గీతలే ఉన్నాయి.

వెనక్కి తిరిగితే, తెర పక్కన ఖమర్ బీ నిలబడి ఉంది. ఆమె చూపు కొక్కేనికి వేలాడుతున్న నల్ల షేర్వాణీ మీద ఉంది. సొంతానికి లేనివాళ్లు తొడుక్కుని ఫోటో దిగడానికి స్టూడియో ఉంచినది. ఏళ్ల కింద మూడో గుండీ ఊడిపోతే, దొరికిన పెద్ద గుండీని సామ్యూలే కుట్టాడు.

ఆమె దగ్గరికి వెళ్లి ఆ గుండీని బొటనవేలితో తడిమింది. చేతిలో ఫోటో చూసింది. కాజాలు కుట్టే మనిషికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"దీన్ని కుట్టినోనికి పని రాదు," అంది చివరికి.

"నేనేనమ్మా."

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అయితే ఆయన అక్కడ లేడు."

"ఫోటో దిగేటప్పుడు లేడు. ఆ ముక్క ఇక్కడిదే, ఈ గదిలో తీసిందే. మీ అత్తగారి దగ్గరున్న ఫోటో నుంచి తీసి అతికించారు."

"గిట్ల సచ్చినోళ్లకు చేస్తరు గదా."

"దూరాన ఉన్నవాళ్లకు కూడా చేస్తామమ్మా."

"ఇమామ్ బావ దగ్గరికే రాకపాయె. ఇంక దూరమంటే యాడ?"

సామ్యూల్ గాజు పలకను వెలుతురుకు ఎత్తి చూశాడు. తాను తెలియక చేసిన తప్పు ఏమైనా ఉందా అని వెతుక్కున్నాడు. ఆరేళ్ల కింద గాటు కనబడకుండా అంత చక్కగా దిద్దకపోతే, ఈ ముఖం ఇంత బతికినట్టు ఉండేది కాదేమో అనిపించింది.

ఆ అర్జీ ఆమె పెట్టలేదు. ఇంటి యజమానితో మాట మార్చుకుని అక్కడే ఉండిపోయింది. పది రోజుల తర్వాత, మహమూదాకు నూనె రాసి తల దువ్వి, స్టూడియోకు తీసుకొచ్చింది. చేతిలో సూది, దారం, ఒక చిన్న నల్ల గుండీ. ఎవరినీ అడగకుండా షేర్వాణీ దించి, పెద్ద గుండీ తెంపి, కొత్తది కుట్టి, దారం పళ్లతో కొరికింది. పెద్ద గుండీని కొంగులో ముడి వేసుకుంది.

"ఆ పలకల నుంచి ఆయన్ని మాతో గూడ పెట్టుండ్రి సాబ్," అంది.

"ఎక్కడ నిలబెట్టను? మీ పక్కనా?"

"నా పక్కన వద్దు. పోరి పక్కన."

"ఏందయ్యా, సాయబును మల్ల పిలిపిస్తున్నవా?" బ్రహ్మచారి కెమెరా దగ్గర నుంచి అని, ఖమర్ బీ ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు.

సామ్యూల్ కుర్చీని రెండు సార్లు జరిపాడు. ఆ గాజు పలకలో వెలుగు ఏ కిటికీ నుంచి వచ్చిందో చూసి, అదే కిటికీకి తల్లీబిడ్డల ముఖాలు తిరిగేలా కూర్చోబెట్టాడు. మహమూదాకు పక్కన మనిషి పట్టేంత చోటు వదిలాడు.

"అటు జరగకమ్మా," అన్నాడు పిల్లతో. "అక్కడ మనిషి ఉన్నాడు."