మోకాలికి కళ్లద్దాలు

కళ్లద్దాల కొట్టు పిన్నికి ఏ వయసు నవ్వు ఎక్కడుంటుందో కొట్టినపిండి. నాలుగేళ్ల బుడతడికైతే అద్దాలు మోకాలికి తొడిగి, "హమ్మయ్య, ఇప్పుడు దీనికి దారి కనబడుతోంది!" అంటే చాలు, ఎన్నిసార్లు చేసినా పకపకలే. వాడి పదేళ్ల అన్నకి, "చెవులు పట్టుకుని ముక్కెక్కేదేది?" అని పొడుపుకథ వెయ్యాలి. దాన్ని విప్పేసి, తిరిగి అదే వేసి నాన్నను ఓడించడంలోనే ఉంది వాడి నవ్వంతా. పదిహేనేళ్ల అక్క మాత్రం, "పెట్టుకోను, అందరూ నవ్వుతారు" అని మొహం తిప్పుకుంది. బోర్డు కనబడక చదువులో వెనకబడుతున్న పిల్ల. ఆమెను నవ్విద్దామని వెంట వచ్చిన తండ్రి మోకాలి వేషం వెయ్యబోతే పిన్ని ఆపింది. ఆ వయసులో నవ్వు తనమీద పడకూడదు, పెద్దలమీద పడాలి. "వద్దులే తల్లీ," అంది నవ్వకుండా, "మాస్టారి మొహం కనబడకపోవడమూ అదృష్టమే." పిల్ల నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది. అద్దాలు పెట్టుకుని పిన్నిని ఎగాదిగా చూసింది.

"అయ్యో పిన్నిగారూ, మసగ్గా ఉన్నప్పుడే బాగున్నారు!"

అందరికంటే గట్టిగా నవ్వింది పిన్నే.