ఫోల్డర్ జోలికి వెళ్లొద్దు

మా టీములో ఆవిడ్ని అందరూ అక్కా అనే పిలిచేవాళ్లు. నలభై నాలుగేళ్లు. పిల్లల కోసం తొమ్మిదేళ్లు ఇంట్లో ఉండిపోయి, మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఆరు నెలలు పని చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. టీము లీడరుగా ఆవిడ పనిని అంచనా వేయాల్సినవాణ్ని నేను. ఆవిడకంటే పదేళ్లు చిన్నవాణ్ని. ఆ సంగతి ఆవిడ మర్చిపోయేది, నేను మర్చిపోయేవాణ్ని కాదు.

మొదటి వారమే నా మీద ఒక జోకు వేసింది. కోడ్‌లో మార్పులు భద్రపరిచే గిట్‌తో ఎవరికి ఏ చిక్కు వచ్చినా నేను చెప్పే మందు ఒక్కటే: ఫోల్డర్ తీసేసి కొత్తగా క్లోన్ చేసుకో. అంటే నీ దగ్గరున్న కాపీ పారేసి, ఆఫీసు సర్వర్లో ఉన్న కాపీని మళ్లీ దించుకో అని. "తమ్ముడూ, నీకు తలనొప్పొచ్చినా తల తీసి కొత్తది పెట్టుకుంటావా?" అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆవిడ పని మాత్రం వంక పెట్టడానికి వీల్లేనిది. మేం మందుల షాపులకు స్టాకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఏ మందుకు ఎప్పుడు గడువు తీరుతుందో ముందే హెచ్చరించే భాగం ఆవిడకి ఇచ్చాను. పని మొదలైన రెండో రోజే వాళ్లాయన స్కూటర్ మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్, ఆ తర్వాత వార్డు. అక్క సెలవు అడగలేదు. అడిగితే ఆరు నెలల లెక్క ఎక్కడ చెడుతుందోనని భయం. వార్డు బయట వరండాలో చివరి కిటికీ పక్కన ఇనప బెంచీ ఉండేదట, ఫోన్ సిగ్నల్ అక్కడే బాగా వచ్చేది. మూడు వారాలు ఆ బెంచీయే ఆవిడ ఆఫీసు. ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన ఫ్లాస్కు.

ఇక్కడ నా రూలు ఒకటి చెప్పాలి. సగం పని సర్వర్‌లోకి పంపకూడదని నేను పట్టుబట్టేవాణ్ని. పూర్తయ్యాకే పుష్ చేయాలి. అంతవరకూ ఎవరి కమిట్లు, అంటే గిట్‌లో భద్రపరిచిన మార్పులు, వాళ్ల మెషీన్లోనే ఉండాలి. ఎందుకంటే ఎవరో ఒకసారి సగం పని పంపి నా పరువు తీశారు. అక్క ఆ రూలు అక్షరాలా పాటించింది.

శుక్రవారం రెండింటికి కస్టమర్లకు డెమో. పదకొండు గంటలకు ఫోన్ చేసింది. గొంతులో అలసట ఉంది గానీ సంతోషమూ ఉంది.

"తమ్ముడూ, అయిపోయింది. అన్ని టెస్టులూ పాసయ్యాయి. పుష్ చేస్తుంటే మాత్రం ఏదో ఎర్రర్ వస్తోంది."

"ఏమంటోంది?"

"కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్ అంటోంది. మన గిట్ సర్వర్ పేరు చూపిస్తోంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వీపీఎన్ కనెక్ట్ అయ్యే ఉంది మరి."

నేను స్లైడ్లు సరిచేసుకుంటున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. ఆ ఎర్రర్‌లో ఉన్న నాలుగు మాటలూ విన్నాను గానీ ఒక్కటీ బుర్రకెక్కించుకోలేదు. గిట్ కమాండ్ కొడితే వచ్చింది కాబట్టి గిట్ జబ్బే అనుకున్నాను. దాచిన పాస్‌వర్డ్ తీసేసి మళ్లీ కొట్టమన్నాను. అదే ఎర్రర్. ఆవిడ పని ఉన్న బ్రాంచికి వేరే పేరు పెట్టి పంపమన్నాను. అదే ఎర్రర్. నిజానికి పాస్‌వర్డ్ అడగాలన్నా, బ్రాంచి చూడాలన్నా ముందు సర్వర్ దాకా చేరాలి కదా. ఈ ఎర్రర్ వస్తే అసలు గడపే దాటలేదని అర్థం. సర్వర్ పేరు చెప్పి, దాని అడ్రసు ఏమిటని అడిగితే జవాబు రాలేదు, అంతే. ఇది ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు చెప్పి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

కింది అంతస్తులో నెట్‌వర్క్ బాబాయ్ ఉంటాడు. ఆఫీసు లైన్లన్నీ ఆయన చేతిలోనే. ఎవరేం మొరపెట్టుకున్నా ఆయన మొదటి ప్రశ్న "అడ్రసు తెలిసిందా?" అనే. తెలిసిందంటే "అక్కడిదాకా దారి ఉందా?" అంటాడు. ఉందంటేనే "సరే, తలుపు దగ్గర ఏమన్నారు?" అని అడుగుతాడు. ఆయన్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ నెల క్రితం మీటింగులో అందరి ముందూ నా తప్పు ఎత్తి చూపించాడని ఆయనతో మాటలు మానేశాను. మళ్లీ మెట్లు దిగి వెళ్లి అడగడం నామోషీ అనిపించింది.

"ఆ ఫోల్డర్ పాడైపోయినట్టుంది అక్కా. తీసేసి కొత్తగా క్లోన్ చెయ్యండి" అన్నాను.

"తీసేస్తే నా కమిట్లు?"

"కమిట్ చేశారుగా, ఎక్కడికీ పోవు."

ఇక్కడే ఉంది నా పాపమంతా. కమిట్లు ఎక్కడికీ పోవన్న మాట నిజమే, ఫోల్డర్ ఉన్నంతవరకు. పుష్ చేయని కమిట్లు ఆ ఫోల్డర్ లోపలే దాగి ఉంటాయి. దాన్ని తీసేస్తే వాటికి ఇంకెక్కడా చోటు లేదు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. పరీక్ష పెడితే నూటికి నూరు తెచ్చుకుంటాను. ఆ క్షణంలో నా కళ్లు స్లైడులో ఒక బాణం గుర్తు వంకరగా ఉందేమోనని చూస్తున్నాయి.

"నువ్వు చెప్పావంటే సరే" అంది. పూర్తిగానే తీసేసింది, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా. తర్వాత క్లోన్ కొట్టింది.

"తమ్ముడూ, మళ్లీ అదే వస్తోంది. కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్."

అప్పుడు వంకర బాణం వదిలేశాను. కొత్త క్లోన్‌కి పాత ఫోల్డర్‌తో సంబంధమే లేదు. అయినా ఎర్రర్ అదే వస్తోందంటే, ఫోల్డర్ తప్పు ఎప్పుడూ లేదన్నమాట. లైన్లో ఉండమని చెప్పి మెట్లు దిగి పరిగెత్తాను. నామోషీ ఎటు పోయిందో తెలీదు.

బాబాయ్ పాత గొడవ ఎత్తకుండా ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, ఏ ఇంటర్నెట్ మీదున్నావ్?"

"ఫోన్ హాట్‌స్పాట్ అండీ."

"ఇంట్లో వైఫై మీద ఎప్పుడైనా ఇలా వచ్చిందా?"

"లేదండీ."

"బ్రౌజర్లో ఏదైనా మామూలు సైటు తెరువు."

తెరుచుకుంది. అంటే ఇంటర్నెట్ ఉంది. గిట్‌ని పక్కన పెట్టేసి, సర్వర్ పేరు మాత్రం ఇచ్చి అడ్రసు అడిగే కమాండ్ కొట్టించాడు. అలాంటి పేరే లేదని జవాబొచ్చింది. అదే కమాండ్‌లో పేరు పక్కన, పేర్లకు అడ్రసులు చెప్పే ఆఫీసు డీఎన్‌ఎస్ నంబరు పెట్టి కొట్టించాడు. ఠక్కున అడ్రసు వచ్చింది.

"అయితే వీపీఎన్ దారి బాగానే ఉంది" అన్నాడు నా వైపు చూసి. "మన సర్వర్ పేరు మన డీఎన్‌ఎస్‌కే తెలుసు, ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. ఈ హాట్‌స్పాట్ తన డీఎన్‌ఎస్‌ని కూడా అంటగట్టింది. ల్యాప్‌టాప్ ముందు దాన్నడిగింది. అది తెలీదంది. ఇది నమ్మేసి అక్కడితో ఆగిపోయింది. గిట్ పాపం ఏం చేసింది?"

ఆఫీసు డీఎన్‌ఎస్‌నే ముందు అడిగేలా సెట్టింగ్ మార్పించాడు. మొత్తం కలిపి ఆరు నిమిషాలు. ఈసారి క్లోన్ చకచకా దిగింది.

"వచ్చేసింది తమ్ముడూ!" అంది అక్క. వెనకాల వార్డులో స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినిపిస్తోంది. "ఇదేంటి, ఇది మూడు వారాల కిందటిది కదా. నాది ఏది?"

చెప్పాల్సింది నేను. చెప్పింది బాబాయే. "ఇందాక తీసేసిన దాంట్లోనే ఉందమ్మా" అన్నాడు మెల్లగా. మర్నాడు ల్యాప్‌టాప్ తెప్పించుకుని ఆదివారం దాకా కూర్చున్నాడు. ఒక్క ఫైలు కూడా తిరిగి రాలేదు. ఆఫీసు బ్యాకప్ ఆఫీసు నెట్‌వర్క్ మీద ఉంటేనే నడుస్తుంది. ఆవిడ మూడు వారాలుగా బెంచీ మీదుంది.

నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. అనలేదు. సోమవారం ల్యాప్‌టాప్ చేతికి రాగానే మళ్లీ మొదలుపెట్టి పన్నెండు రోజుల్లో తిరిగి రాసింది. బాగానే వచ్చిందని నేను మెచ్చుకోబోతే, "మొదటిదే బాగుంది తమ్ముడూ. ఒకే మందు రెండు బ్యాచిల్లో వచ్చినప్పుడు అందులో ఒక చిన్న కిటుకు కుదిరింది. ఎంత ఆలోచించినా అది మళ్లీ తట్టట్లేదు" అంది.

నెలాఖరున ఆరు నెలల మీటింగ్. డెమోలో ఆ భాగం ఎందుకు లేదని మేనేజర్ అడిగాడు. గదిలో మేమిద్దరమే. నేనే తీయించానని చెప్పడానికి అర నిమిషం చాలు. "ఆవిడ పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేసుకున్నారు" అన్నాను. మేనేజర్ ఏదో రాసుకున్నాడు. అక్కని పర్మనెంట్ చేయలేదు.

చివరి రోజు అందరికీ చెప్పి, నా సీటు దగ్గరికి కూడా వచ్చింది. "బాబాయ్‌తో మాట్లాడుతూ ఉండు తమ్ముడూ, మంచాయన" అంది. నాకు తలెత్తడానికి మొహం చెల్లలేదు. ఆవిడ వెళ్లాక చూస్తే ఆఫీసు గైడులో కొత్త పేజీ ఒకటి కనిపించింది. హాట్‌స్పాట్ మీద, వీపీఎన్ మీద పుష్ అవ్వకపోతే ఏం చేయాలో బాబాయ్ అడిగిన వరసలోనే రాసింది. అన్నిటికంటే పైన ఈ మాటలున్నాయి: "ముందు ఫోల్డర్ జోలికి వెళ్లొద్దు. ఎవరు చెప్పినా సరే. మీ పని అందులోనే ఉంది, భద్రంగా ఉంది. దారి దొరికాక పంపుకోవచ్చు."

నా పేరు ఎక్కడా లేదు. "ఎవరు చెప్పినా సరే" దగ్గర మాత్రం నేనున్నాను.

సగం పని పంపకూడదన్న రూలు తీసేశాను. ఇప్పుడు రోజూ సాయంత్రం ఎవరి బ్రాంచిలోకి వాళ్లు పుష్ చేయాల్సిందే. బాబాయ్‌తో మాట్లాడుతున్నాను. ఇదంతా అక్కకి ఏం పనికొచ్చింది?

రెండేళ్లు గడిచాయి. మొన్న మధ్యాహ్నం కొత్తగా చేరినావిడ రైల్లోంచి ఫోన్ చేసింది. హాట్‌స్పాట్ మీదుందట, అదే ఎర్రర్. చేతిలో పని వదిలేసి, గైడు పేజీ తెరిచి, మొదటి లైను నుంచి ఒక్కొక్కటే చదివి చేయించాను. నాలుగు నిమిషాల్లో పుష్ అయిపోయింది.

"భలే కనిపెట్టారు సార్!" అంది.

"నేను కాదండీ. ఇదంతా అక్క రాసింది."

"ఏ అక్క సార్?"

ఎవరో ఒకప్పుడు ఇక్కడ పనిచేసేవారని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ రెండేళ్లుగా దాచుకున్నది ఆ రోజు బయటికొచ్చేసింది. ఇనప బెంచీ, స్లైడులో బాణం, ఫోల్డర్, అన్నీ చెప్పాను.

"మరి మేనేజర్ అడిగినప్పుడు చెప్పారా సార్, మీరే తీయించారని?" అంది.

"చెప్పలేదండీ" అన్నాను.