ముదీర్ మీద అనుమానం

ఫ్రెంచి పరీక్షలో నాకు పదికి మూడు వేశారు. నేను రాసిన పది వాక్యాల్లో ఒక్క తప్పు కూడా లేదు. నలభై ఏళ్ళు దాటాయి, ఇప్పటికీ ఇదే మాట అంటాను.

ఎనభైల మొదట్లో రాస్ అల్ ఖైమాలో సిమెంటు ఫ్యాక్టరీ కడుతున్న ఒక ఫ్రెంచి కంపెనీలో నేను యార్డు కూలీని. ఊళ్ళో నా చదువు అయిదో తరగతితో ఆగింది. ఇక్కడ పెట్టెల మీది ఫ్రెంచి రాతలు కూడబలుక్కోవడంతో మొదలుపెట్టి, అట్ట ఊడిన ఒక వ్యాకరణ పుస్తకాన్ని లారీ నీడలో కూర్చుని మూడుసార్లు చదివాను. నేర్పినవాడు లేడు, ఆపినవాడూ లేడు.

ఆఫీసులో నక్షాలు, ఉత్తరాలు దాచే గది ఒక ఫ్రెంచి మేడమ్ చేతిలో ఉండేది. ఆమెకు ఫ్రెంచి చదవగల సహాయకుడు కావాలి. తను చెప్పే సాయంత్రం క్లాసుకు వచ్చి, పరీక్షలో పదికి ఆరు తెచ్చుకుంటే కూలీనైనా తీసుకుంటానంది. ఎండలోంచి ఆ గదిలోకి నాకున్న దారి అదొక్కటే.

పరీక్షలో సగం సగం వాక్యాలిచ్చి, పక్కనిచ్చిన క్రియను సరైన రూపంలో రాసి పూర్తి చేయమంది. ఫ్రెంచిలో ఒక సంగతి ఉంది. తెలిసిన విషయం చెప్పేటప్పుడు క్రియకు ఒక రూపం. ‘అనుమానంగా ఉంది’, ‘కావాలి’, ‘సంతోషం’, ‘బాధ’ అని మొదలుపెడితే ఆ వెనక వచ్చే క్రియకు వేరే రూపం. ‘నా స్నేహితుడికి జబ్బు చేసిందని బాధగా ఉంది’ అనాలంటే ‘ఎ’ అనకూడదు, ‘స్వా’ అనాలి. అది రాశాను. వాన మీదొకటి, బస్సు మీదొకటి కూడా సరిగ్గా రాశాను.

మిగిలిన ఏడూ డైరెక్టరు మీద! ఆయన్నే మేం ముదీర్ అనేవాళ్ళం. ‘ముదీర్ రేపు వస్తాడో రాడో అనుమానం.’ ‘ముదీర్ వెళ్ళిపోతున్నందుకు నాకు సంతోషం.’ ఇలాంటివి. మేడమ్‌కు అవి ఉత్త వాక్యాలు. నాకు కాదు. ఆ ఆఫీసులో ఏ కాగితమైనా, సెలవు చీటీ అయినా సరే, ముందు ముదీర్ బల్ల మీదికి వెళ్ళాల్సిందే. పైగా క్లాసు జరిగేది ఆయన గదికి ఎదురుగానే.

అందుకని ఏడింటికీ మొదలు మార్చేశాను. ‘అనుమానం’ కొట్టేసి ‘నమ్మకం’ అని పెట్టి, నమ్మకం తర్వాత రావాల్సిన రూపమే రాశాను: ‘వియాంద్రా’, తప్పక వస్తాడు అని. ‘సంతోషం’ కొట్టేసి ‘తెలుసు’ అని పెట్టాను. మేడమ్ ఏడింటినీ ఎర్ర సిరాతో కొట్టిపారేసింది.

అడిగాను. “పూర్తి చేయమన్నాను ముస్యో, మార్చమన్నానా?” అంది. ఎదురుగా ముదీర్ గది తలుపు తెరిచి ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

క్యాంపులో నా పక్క మంచం జగిత్యాల వడ్రంగిది. విని పడీపడీ నవ్వాడు.

“మంచిగ చేసినవే అన్నా! ముదీర్ పోతుంటే నాకు ఖుషీ అని రాసి సంతకం పెడ్తవా? మన పాస్‌పోర్టులు ఎవని బీరువాల ఉన్నయో యాదికున్నదా?”

“గందుకే గదరా మార్చిన!”

“మరి గా ముచ్చట ఆమెకు జెప్పు. నాకు జెప్తె నేనేం మార్కులిస్తనా?”

నిజమే. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని మేడమ్‌కు ఫ్రెంచిలోనే ఉత్తరం రాశాను. ‘నా వాక్యాల్లో తప్పుంటే చూపండి. మీరు అడిగిన రూపం నాకు తెలుసని ఆ మూడు వాక్యాలే చెబుతాయి. ముదీర్‌ను అనుమానించడం మీకు అభ్యాసం. మాకు అది ఇంటికి తిరుగు విమానం టిక్కెట్టు.’ కోపంలో ఇంకా చాలా రాశాను, అవి ఇప్పుడెందుకు. మడత పెట్టి ఆమె బల్ల మీద పెట్టి వచ్చాను.

వారం గడిచింది. పలుకు లేదు. యార్డులో ఇనుము దించుతూ, ఇక ఖలాస్ అనుకున్నాను. ఎనిమిదో రోజున ఆఫీసు ప్యూను నా ఉత్తరమే తిరిగి తెచ్చిచ్చాడు. తిప్పి చూస్తే వెనక మూడు వరుసలు, పరీక్షలో నేను కొట్టేసిన మొదళ్ళతోనే: అనుమానం, సంతోషం, కోరిక. మూడింటికీ క్రియ సరైన రూపంలో ఉంది. తెలుగులో చెబితే ఇదీ:

“డైరెక్టరు ఒక్క పరీక్ష కాగితమైనా చదివి ఉంటాడా అని నా అనుమానం. మీకు రెండు రూపాలూ వచ్చినందుకు నాకు సంతోషం. శనివారం నుంచి మీరు నా గదికి పనికి రావాలని నా కోరిక.”